పైన ఏ పేరుందో చదివాకే కాగితం చేతికివ్వండి: నెట్ సెంటర్లవారికి బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, పరకాల, భూపాలపల్లి వైపు నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు నడుపుతూ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు కూడా వేసిపెట్టే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి,

నమస్తే. నేను రిటైరైన లెక్కల సార్‌ని. హనుమకొండ బాలసముద్రంలో ఉంటాను. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే అయి ఉంటారు. నేను ఆడిటర్‌ని కాదు. నా రిటర్న్ నేనే వేసుకుంటాను. చుట్టాలు, తోటి పెన్షనర్లు అడిగితే పక్కన కూర్చుని వేసిపెడతాను. అందులో భాగంగా మా చిన్నమ్మ పని చేయబోయి ఆరు నెలలు తిరిగాను. ఆ తిరుగుడులో నాకు అర్థమైంది మీకు చెప్పాలనే ఈ ఉత్తరం. మీ షాపులో ఇంకో పది నిమిషాలు పెడితే ఆ ఆరు నెలలు మిగిలేవి.

2025 ఆగస్టు మొదటి వారంలో పరకాల నుంచి మా చిన్నమ్మ వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. "బిడ్డా, పోయినేడు రిటర్న్ ఏసిన్రు. పైసలు వాపస్ వస్తయన్నరు. ఏడాదయింది, రాలే. ఒకసారి సూడు" అంది. ఆ కాగితాన్ని బీరువాలో చీరల కింద ఏడాది పాటు భద్రంగా దాచింది. రిటర్న్ వేసినట్టు రుజువు అదే కదా అని ఆమె నమ్మకం. షాపతను కూడా అలాగే చెప్పి ఇచ్చాడట.

మడత విప్పగానే పైన పెద్దక్షరాల్లో Indian Income Tax Return Verification Form అని ఉంది. దాని కిందే బ్రాకెట్లో filed but NOT verified electronically అని ఉంది. NOT అనే మాట విడిగా పెద్దక్షరాల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అంటే రిటర్న్ పంపారు గానీ వెరిఫై చేయలేదని ఆ కాగితమే చెప్తోంది. ఇంగ్లీషు రాని మనిషి చేతిలో ఏడాది ఉండి కూడా ఆ మాట ఆమెకి చేరలేదు.

మీలో చాలామందికి ఈ తేడా తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. రిటర్న్ సబ్మిట్ చేసి వెరిఫై చేయకపోతే వచ్చేది ఈ వెరిఫికేషన్ ఫారం. దీన్నే ఐటీఆర్-వి అంటారు. వెరిఫై అయ్యాక డౌన్‌లోడ్ చేస్తే వచ్చే కాగితం వేరు. దాని పైన Indian Income Tax Return Acknowledgement అని, కింద filed and verified అని ఉంటుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అదే ప్యాన్, అదే పేరు, అదే పదిహేను అంకెల అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, అదే రీఫండ్ లెక్క. కానీ మొదటిది పని సగంలో ఉందని చెప్పే కాగితం, రెండోది పని అయిందని చెప్పే కాగితం.

ఇక డబ్బు సంగతి. మా చిన్నాయన పోయాక వచ్చిన పైసల్లో 12 లక్షలు 2023 ఏప్రిల్‌లో ఆమె పేరు మీద బ్యాంకులో ఎఫ్‌డీ వేశారు. వడ్డీ నూటికి 7, మూడు నెలలకోసారి చేతికొచ్చే పద్ధతి. ఏడాదికి 84,000, మూడు నెలలకి 21,000. ఆమెకి అప్పటికి అరవై నిండలేదు కాబట్టి అప్పటి నిబంధన ప్రకారం ఏడాది వడ్డీ 40,000 దాటితే బ్యాంకు టీడీఎస్ పట్టుకోవాల్సి ఉండేది. ఆమె మొత్తం ఆదాయం పన్ను పడే మొత్తానికి చాలా కింద ఉంటుంది. అంటే పట్టుకున్నదంతా తిరిగి రావాల్సిందే. కానీ రిటర్న్ వేస్తేనే వస్తుంది.

బ్యాంకు ఇచ్చిన టీడీఎస్ సర్టిఫికెట్లు తీసి చూశాను. 2023 జూన్ దాకా మొదటి మూడు నెలలకి 2,100 పట్టుకున్నారు. అంటే నూటికి పది. ఆ తర్వాత మూడుసార్లూ 4,200 చొప్పున పట్టుకున్నారు. అంటే నూటికి ఇరవై. ఎఫ్‌డీ అదే, వడ్డీ అదే, మధ్యలో టీడీఎస్ మాత్రం రెట్టింపైంది. నాకు అక్కడే వెలిగింది. ఆమె ప్యాన్‌కి ఆధార్ లింక్ కాలేదు. లింక్ చేసుకోవడానికి ఆఖరు గడువు 2023 జూన్ 30. మినహాయింపు ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లలో అప్పటికి చేయనివాళ్ల ప్యాన్ జూలై 1 నుంచి ఇనాపరేటివ్ అయింది. కార్డు రద్దు కాదు, నంబరు పోదు. కానీ టీడీఎస్ ఎక్కువ రేటులో పడుతుంది, రీఫండ్ ఇవ్వరు, ఆ కాలానికి రీఫండ్ మీద వడ్డీ కూడా ఉండదు. ఆ ఏడాది ఆమెకి కట్ అయింది మొత్తం 14,700. మరుసటి ఏడాది నాలుగు సార్లూ 4,200 చొప్పున 16,800. రెండేళ్లకి 31,500. ఒంటరి మనిషికి అది చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు 2024 జూలైలో ఆ షాపులో ఏం జరిగిందో చూద్దాం. ఆ షాపు ఎక్కడిదో, ఎవరిదో నేను రాయను. ఆ తమ్ముడి ఉద్దేశం చెడ్డదని కూడా నేను అనుకోవడం లేదు. జూలై ఆఖరు వారం, షాపు నిండా జనం, సైట్ నెమ్మది. ఆమె ఫోన్ ఇంట్లో పెట్టి వచ్చింది. పోర్టల్లో ఆమె పేరు మీద రిజిస్ట్రేషన్ లేదు. రిజిస్టర్ చేయాలంటే ప్యాన్, పేరు, పుట్టిన తేదీ కొట్టాక ఒక మొబైల్ నంబరు, ఒక ఈమెయిల్ ఇవ్వాలి. రెండింటికీ వేరువేరు ఓటీపీలు వస్తాయి. ఆ తమ్ముడు రెండు చోట్లా తనవే ఇచ్చాడు. రెండు నిమిషాల్లో అకౌంట్ తయారైంది. ఆ రెండు నిమిషాల ఖరీదు ఏంటో తర్వాత చెప్తాను.

రిటర్న్ సరిగ్గానే నింపాడు. వడ్డీ, టీడీఎస్, బ్యాంకు అకౌంటు, అన్నీ కరెక్టే. 27వ తేదీన సబ్మిట్ చేశాడు. వెరిఫై దగ్గర ఆగిపోయాడు. అందరూ వాడే తేలిక దారి ఆధార్ ఓటీపీ. అది రావాలంటే ప్యాన్, ఆధార్ ముందే లింక్ అయి ఉండాలి. ఇక్కడ కాలేదు. కాబట్టి ఆ దారి మూసుకుంది. తర్వాత వెరిఫై చేస్తానన్న ఆప్షన్ నొక్కి, ఐటీఆర్-వి ప్రింట్ తీసి చేతిలో పెట్టాడు.

ఆ క్షణంలో ఆమెకి రెండు మాటలు చెప్పి ఉంటే సరిపోయేది. ఒకటి, అమ్మా నీ ప్యాన్ లింక్ కాలేదు, అందుకే రీఫండ్ రాదు, ముందు అది చేసుకో. రెండు, ఈ కాగితం మీద సంతకం పెట్టి బెంగళూరు పంపాలి. ఓటీపీ దారి లేనివాళ్లకి ఉన్న పద్ధతి అదే. ఐటీఆర్-వి మీద సంతకం చేసి, దానికి వేరే ఏ కాగితాలూ జతచేయకుండా, Centralized Processing Centre, Income Tax Department, Bengaluru 560500 అనే చిరునామాకి పంపాలి. రిటర్న్ వేసిన రోజు నుంచి ముప్పై రోజుల్లోపు అది అక్కడ అందాలి. 2022 ఆగస్టు 1కి ముందు ఈ గడువు 120 రోజులు ఉండేది. ఇప్పటికీ కొందరు 120 రోజులనే చెప్తున్నారని విన్నాను. దయచేసి ఆ లెక్క మర్చిపోండి. ఇప్పుడు ముప్పై రోజులే. ఆ ముప్పై రోజుల్లో వెరిఫై కాకపోతే, తర్వాత ఎప్పుడు వెరిఫై చేస్తే ఆ రోజే రిటర్న్ వేసినట్టు లెక్క. గడువు దాటితే లేటు ఫీజు పడే వాళ్లకి అదీ పడుతుంది. మొత్తం ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, దాటితే 5,000. అసలు వెరిఫై చేయకపోతే ఆ రిటర్న్ వేయనట్టే.

చిన్నమ్మ కాగితం బెంగళూరు పోలేదు, బీరువాలోకి పోయింది.

నేను మొదట ఆమె అకౌంట్లోకి లాగిన్ అవుదామని చూశాను. పాస్‌వర్డ్ ఆమెకి తెలియదు. పాస్‌వర్డ్ మర్చిపోయాననే దారిలో పోతే ఓటీపీ ఆ షాపు తమ్ముడి నంబరుకి పోతుంది. ఫోన్ చేస్తే ఆ నంబరు మనుగడలో లేదంది. పరకాల పోయి చూస్తే షాపు ఎత్తేశారు, మనిషి హైదరాబాద్ పోయాడన్నారు. రెండో దారి ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చడం. దానికి ప్యాన్, ఆధార్ లింక్ అయి ఉండాలి. నెట్ బ్యాంకింగ్ నుంచి పోయే దారి కూడా ఉంది, కానీ ఆమెకి నెట్ బ్యాంకింగ్ లేదు. తన సొంత అకౌంట్ ముందు ఆమె బయట నిలబడిపోయింది. తాళం చెవి ఎవరి జేబులోనో ఉంది.

మీలో ఎవరికైనా ఇలాంటి కేసు వస్తే పనికొస్తుందని, బయటపడిన తీరు వివరంగా రాస్తున్నాను. ఆధార్ లింక్ చేయడానికి లాగిన్ అక్కర్లేదు. పోర్టల్ మొదటి పేజీలోనే Link Aadhaar అని ఉంటుంది. దానికి కట్టాల్సిన 1,000 రూపాయల ఫీజు కూడా లాగిన్ లేకుండానే e-Pay Tax లో కట్టొచ్చు. ప్యాన్ కొట్టి, చేతిలో ఉన్న ఏ మొబైల్ నంబరైనా ఇచ్చి ఓటీపీ పెడితే చాలు. లోపల Other Receipts (500) అన్నది ఎంచుకుని, అందులో లింక్ ఆలస్యానికి కట్టే ఫీజు అన్న ఆప్షన్ తీసుకోవాలి. ఇక్కడ తప్పు హెడ్ ఎంచుకుంటే డబ్బు పోతుంది, లింక్ పేజీకి మాత్రం అది కనపడదు. కాబట్టి రెండుసార్లు చూసి కట్టండి.

ఆగస్టు 5న కట్టాం. మూడు రోజులాగి లింక్ పేజీలోకి పోతే పేమెంట్ అందినట్టు చూపించింది. ఆధార్‌లో ఉన్న పేరు కొట్టి, ఓటీపీ పెట్టి పంపాం. కొద్ది రోజులకి ఫెయిలని వచ్చింది. వివరాలు కలవలేదట. రెండు కార్డులు పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసినట్టు చూశాను. ప్యాన్ మీద పేరు Laxmi అని ఉంది, ఆధార్ మీద Lakshmi అని ఉంది. మన దగ్గర ఇది ప్రతి మూడో ఇంటి సమస్య. మనం నోటితో పలికేది ఒక్కటే. ఒక ఆఫీసులో ఎక్స్ వేస్తారు, ఇంకో ఆఫీసులో కె, ఎస్, హెచ్ వేస్తారు. మనిషికి అది ఒకటే పేరు, కంప్యూటర్‌కి రెండు పేర్లు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉన్నా ఇలాగే ఆగొచ్చు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉన్నవాళ్లకి లింక్ పేజీలో I have only year of birth in Aadhaar card అని ఒక గడి ఉంటుంది. దాంట్లో టిక్ పెట్టకపోయినా ఇదే గొడవ. పెద్దవాళ్ల కార్డులు చేతికి వచ్చినప్పుడు అది చూడండి.

ఫెయిలైనప్పుడు ఒక షాపులో మళ్లీ వెయ్యి కట్టాలన్నారు. కట్టక్కర్లేదు. ఒకసారి సరిగ్గా కట్టిన చలానాతోనే, తప్పు దిద్దుకుని మళ్లీ రిక్వెస్ట్ పెట్టొచ్చు. మేం అలాగే పెట్టాం, తీసుకుంది. ఈ ఒక్క విషయం తెలియక రెండుసార్లు కట్టినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరున్నారు. కాబట్టి మీ షాపుకి వచ్చేవాళ్లకి దయచేసి ఈ మాట చెప్పండి.

ఏ కార్డు దిద్దాలన్నది కొంచెం ఆలోచించి చేయాల్సిన పని. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. తొందరపడి ఒక మార్పు వాడేసి, తర్వాత బ్యాంకులో ఇంకో పేరుందని తెలిస్తే ఇబ్బంది. చిన్నమ్మ పాస్‌బుక్కు, ఓటరు కార్డు, ప్యాన్ మూడూ ఎక్స్‌తోనే ఉన్నాయి. ఆధార్ ఒక్కటే వేరుగా ఉంది. కాబట్టి ఆధార్ దిద్దించాం. ఆధార్ కేంద్రానికి పోయినప్పుడే ఆమె ఇప్పుడు వాడుతున్న మొబైల్ నంబరు కూడా ఎక్కించాం. అంతకు ముందు ఉన్నది చిన్నాయన సిమ్ నంబరు, ఆయనతోపాటే అదీ ఆగిపోయింది. ఆధార్‌కి ఏ నంబరుందో ఓటీపీ లేకుండానే చూడొచ్చు. యూఐడీఏఐ సైటులో ఆధార్ వ్యాలిడిటీ చెక్ చేసే పేజీలో నంబరు ఆఖరి మూడు అంకెలు కనిపిస్తాయి. రిటర్న్ మొదలుపెట్టే ముందే అది చూసుకుంటే, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో ముందే తెలుస్తుంది.

ఆగస్టు 28న లింక్ అయింది. లింక్ అయిన వెంటనే ప్యాన్ ఆపరేటివ్ కాకపోవచ్చు, దానికి ముప్పై రోజుల దాకా పట్టొచ్చు. కానీ ఆధార్ ఓటీపీ దారి మాత్రం తెరుచుకుంది. పాస్‌వర్డ్ మార్చి, లోపలికి పోయి, మొదట చేసిన పని ప్రొఫైల్లో కాంటాక్ట్ వివరాలు మార్చడం. ఆమె నంబరు, ఆమె మనవరాలి ఈమెయిల్ పెట్టాం. పాస్‌వర్డ్ ఆమె నోట్‌బుక్కులో ఆమె చేతనే రాయించాను. అది ఆమె దగ్గరే ఉండాలి, నా దగ్గర కాదు.

ఇక్కడే ఆ రెండు నిమిషాల గురించి చెప్పాలి. మీ నంబరు, మీ మెయిల్ ఇచ్చినప్పుడు తొందరగా పని అవుతుంది, నిజమే. పెద్దవాళ్లకి ఫోన్లో మెసేజ్ తీయడం రాదు, వెనక లైను పెరుగుతుంది. మీ ఇబ్బంది నాకు తెలుసు. కానీ ఆ తర్వాత ఆ మనిషికి పోర్టల్ నుంచి వచ్చే ప్రతి మాటా మీకే వస్తుంది. రిటర్న్‌లో లోపం ఉందని నోటీసు వస్తే, సరిదిద్దడానికి మామూలుగా ఇచ్చేది పదిహేను రోజులు. అది మీ ఇన్‌బాక్సులో వేరే యాభై మెయిళ్ల మధ్య పడి ఉంటే, గడువు దాటి, ఆ రిటర్న్ చెల్లకుండా పోవచ్చు. అది వచ్చిందని ఆ మనిషికి తెలియను కూడా తెలియదు. మీరు షాపు మార్చినా, సిమ్ మార్చినా, ఆ అకౌంట్లన్నీ మీతోపాటే పోతాయి. ఒక్కో షాపులో ఏటా ఎందరికి వేస్తున్నారో మీకే తెలుసు. అందరి తాళాలూ ఒక్క సిమ్ మీద వేలాడటం మీకు కూడా మంచిది కాదు. రేపు ఎవరి రీఫండో వేరే అకౌంటుకి పోతే మొదటి అనుమానం ఆ నంబరు ఎవరిదో వాళ్ల మీదే వస్తుంది.

అందుకని నా విన్నపం. ఫోన్ తేని మనిషికి రిజిస్ట్రేషన్ చేయకండి. రేపు ఫోన్ పట్టుకుని రమ్మనండి. మెయిల్ లేకపోతే కొడుకుదో, బిడ్డదో అడగండి. లేదంటే వాళ్ల ఫోన్లోనే ఒకటి తయారుచేసి పెట్టండి, దానికి వేరే చార్జీ తీసుకున్నా ఎవరూ ఏమీ అనరు.

ఇక మిగిలిన కథ. సెప్టెంబరు 2న 2024-25 ఆర్థిక సంవత్సరం రిటర్న్ వేశాం. ఆ ఏడాది గడువు మొదట సెప్టెంబరు 15 దాకా, చివర్లో 16 దాకా పొడిగించారు. కాబట్టి టెన్షన్ పడినా సమయానికే అయింది. సబ్మిట్ చేయగానే అదే కూర్చోవడంలో ఆధార్ ఓటీపీతో వెరిఫై చేశాం. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్లో ఆరు అంకెలు ఒక్కొక్కటిగా చదివింది, నేను కొట్టాను. ఓటీపీకి పదిహేను నిమిషాల టైము ఉంటుంది, పరుగు పెట్టాల్సిన పని లేదు. స్క్రీన్ మీద ట్రాన్సాక్షన్ ఐడీ వచ్చింది, ఆమె ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. e-File లోకి పోయి View Filed Returns చూస్తే వెరిఫై అయినట్టు చూపించింది. అప్పుడు డౌన్‌లోడ్ చేసిన కాగితం పైన Acknowledgement అని ఉంది.

అదే రోజు పాత రిటర్న్ కూడా ముట్టుకున్నాం. ముప్పై రోజులు ఎప్పుడో దాటింది. ఆ ఏడాదికి ఆలస్యపు రిటర్న్ వేసే ఆఖరు తేదీని 2024 డిసెంబరు 31 నుంచి 2025 జనవరి 15కి పొడిగించారు, అదీ దాటింది. కొత్తగా వేయడానికి లేదు. మిగిలిన ఆశ ఒక్కటే. ఇలాంటి రిటర్న్‌ని వెరిఫై చేయబోతే పోర్టల్ ఆలస్యానికి కారణం అడుగుతుంది, దాన్ని కాండొనేషన్ రిక్వెస్ట్ అంటారు. కారణం రాసి, ఓటీపీ పెట్టాం. ఓటీపీ పెట్టినంత మాత్రాన అయిపోదు. అధికారులు ఆలస్యాన్ని మన్నించాకే రిటర్న్ వెరిఫై అయినట్టు లెక్క. మన్నిస్తారని గ్యారంటీ లేదు. ఆ ఎదురుచూపు బాగా కష్టంగా గడిచింది. చిన్నమ్మ వారానికోసారి ఫోన్ చేసేది. చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

కొత్త ఏడాది 16,800 అక్టోబరులో ఆమె అకౌంట్లో పడింది. పాత రిటర్న్ రిక్వెస్ట్‌ని నవంబరులో ఒప్పుకున్నారు. ఆ 14,700 జనవరిలో వచ్చింది, వడ్డీ లేకుండా. రాకపోయినా అడగడానికి మాకు ఏమీ ఉండేది కాదు. 2024 జూలైలో బెంగళూరు చిరునామాకి కాగితం పోయి ఉంటే ఈ మన్నింపుల కోసం చూడాల్సిన పనే ఉండేది కాదు.

రీఫండ్ పడే అకౌంటు సంగతి కూడా ఒక మాట. పోర్టల్లో ముందే వ్యాలిడేట్ చేసిన అకౌంటులోకే రీఫండ్ వస్తుంది. మన వైపు గ్రామీణ బ్యాంకు ఖాతాలున్నవాళ్లు చాలామంది. వరంగల్ కేంద్రంగా నడిచిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అలాంటి పాత ఖాతా పోర్టల్లో ఉంటే, వివరాలు మారాయేమో పాస్‌బుక్కుతో సరిచూసి, అవసరమైతే మళ్లీ వ్యాలిడేట్ చేయించండి.

ఓటీపీ రాని మనిషి వస్తే ఏం చేయాలని మీరు అడగొచ్చు. ఆధార్‌కి ఇచ్చిన మొబైల్ నంబరు పోయినవాళ్లకి, వ్యాలిడేట్ అయిన బ్యాంకు ఖాతా ద్వారా ఈవీసీ అనే కోడ్ తీసుకుని వెరిఫై చేయొచ్చు. నెట్ బ్యాంకింగ్ ఉంటే అందులో నుంచీ చేయొచ్చు. ఏదీ కుదరకపోతే పోస్టే. అప్పుడు కాగితం ప్రింట్ తీసి ఊరికే ఇవ్వకండి. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గీసి చూపించండి. కవరు మీద చిరునామా మీరే రాసివ్వండి. అది ఏ తేదీలోపు బెంగళూరులో అందాలో కాగితం వెనక తెలుగులో రాయండి. మా చిన్నమ్మ తెలుగు చక్కగా చదువుతుంది. వెనక ఆ ఒక్క ముక్క తెలుగులో ఉండి ఉంటే ఆ కాగితం బీరువాలో చేరేది కాదు.

రిటర్న్ మొదలుపెట్టే ముందే Link Aadhaar Status పేజీలో ప్యాన్, ఆధార్ కొట్టి చూడండి. అర నిమిషం పని, దానికీ లాగిన్ అక్కర్లేదు. లింక్ లేదని వస్తే ఆ సంగతి మొహం మీదే చెప్పండి. గిరాకీ పోతుందని అనుకోకండి. వెయ్యి ఫీజు కట్టి, లింక్ చేయించి, రిటర్న్ వేయించుకోవడానికి వాళ్లు మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

ఆఖరుగా ఒక పని అడుగుతున్నాను. ఇది వచ్చే జూలై దాకా ఆగకూడదు. మీ కంప్యూటర్లో పోయిన రెండు సీజన్ల పీడీఎఫ్‌లు ఇంకా ఉండే ఉంటాయి. తీరిక ఉన్న మధ్యాహ్నం ఆ ఫోల్డర్ తెరవండి. పైన Verification Form అని ఉన్నవి పక్కకి తీయండి. వాటిలో కొన్ని తర్వాత వెరిఫై అయి ఉండొచ్చు. పోర్టల్ మొదటి పేజీలో రిటర్న్ స్టేటస్ చూసే చోట అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, ఒక మొబైల్ నంబరు ఇస్తే ఏ దశలో ఉందో తెలుస్తుంది. కానివి ఎవరివో వాళ్లకి ఫోన్ చేయండి. మీ సిమ్ నంబరు పెట్టినవాళ్లని కూడా ఒకసారి ఫోన్ పట్టుకుని రమ్మనండి, నంబరు మార్చి పంపండి. కాండొనేషన్ రిక్వెస్ట్ ఎంత ఆలస్యమైతే అంత కష్టం. ఆ ఫోల్డర్లో మా చిన్నమ్మలాంటి వాళ్లు ఎందరున్నారో చెప్పగలిగేది మీరొక్కరే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల సార్,
బాలసముద్రం, హనుమకొండ